రెండు బై ఐదు: లెక్కలంటే భయపడిన ఒక ఏడో తరగతి విద్యార్థిని కేసు

నేను ఉన్నత పాఠశాలలో లెక్కలు చెబుతాను. ఈ కేసులోని అమ్మాయిని సరళ అని పిలుస్తాను. అది ఆమె అసలు పేరు కాదు. ఊరు, బడి, కుటుంబ వివరాలు తీసేశాను. లెక్కల్లో మాత్రం ఏమీ మార్చలేదు. ఆమె చేసిన తప్పులు, నేను చేసిన తప్పులు జరిగినవి జరిగినట్టే రాస్తున్నాను.

నేపథ్యం

తరగతిలో 38 మంది. అందరిలోకీ చక్కని నోట్‌బుక్ సరళది. ఎర్ర సిరాతో మార్జిన్, ప్రతి జవాబు చుట్టూ గీతల పెట్టె, ఎక్కడా కొట్టివేత లేదు. జూన్‌లో రెండు వారాల పాటు ఆ నోట్‌బుక్‌ను మిగతా పిల్లలకు చూపించి "ఇలా రాయాలి" అన్నాను. లెక్కలు నేర్చుకుంటున్న పిల్ల పుస్తకంలో ఒక్క తప్పూ లేకపోతే అనుమానం రావాలి. నాకు రాలేదు.

జూలైలో పెట్టిన 20 మార్కుల పరీక్షలో ఆమెకు 3 వచ్చాయి. మార్కుల కంటే ఆ కాగితమే నన్ను ఎక్కువ కలవరపెట్టింది. రెండో ప్రశ్న దగ్గర రబ్బరుతో చెరిపి చెరిపి కాగితానికి చిల్లు పడింది. చెరిపినచోట వెలుతురులో పట్టి చూస్తే 5/6 అని లీలగా కనిపించింది. సరైన జవాబు అదే. దాన్ని చెరిపి, ఇంకేదో రాసి, దాన్నీ చెరిపి, చివరికి ఖాళీగా వదిలేసింది.

ఆ తర్వాత గమనించడం మొదలుపెట్టాను. నేను బోర్డు మీద లెక్క ఇచ్చినప్పుడు పెన్సిల్ పట్టుకొని తల వంచుకొనే ఉంటుంది కానీ రాయదు. ఎవరో ఒకరు బోర్డు మీద పూర్తి చేశాక గబగబా ఎక్కించుకుంటుంది. ఆ అందమైన నోట్‌బుక్ అంతా బోర్డుకు నకలు. లెక్కల పీరియడ్ గంట కొట్టగానే మంచినీళ్లకు వెళ్లి వస్తానంటుంది. హాజరు పట్టీ తిరగేస్తే జూలైలో ఆమె రాని రోజులు నాలుగు. వాటిలో మూడు, నేను ఎక్కాలు అప్పజెప్పించుకుంటానని ముందురోజు చెప్పిన రోజులు.

రాకపోవడమా, చెప్పలేకపోవడమా?

ఇక్కడ తొందరపడకూడదని అనుకున్నాను. లెక్క రాక భయపడే పిల్లలు ఉంటారు, భయపడి లెక్క చేయలేని పిల్లలూ ఉంటారు. పైకి ఇద్దరూ ఒకేలా కనిపిస్తారు. అందుకని చిన్న పోలిక చేశాను. ఒకరోజు నా బల్ల దగ్గర నిలబెట్టి, గడియారం కనిపించేలా పెట్టి, పది ప్రశ్నలు నోటితో అడిగాను. మూడింటికి సరిగ్గా చెప్పింది. 7×8 అడిగితే పెదవులు కదిపి "యాభై..." అని ఆగి నా ముఖంలోకి చూసింది. నా కనుబొమ్మలు ఎటు కదులుతాయో చూసి మిగతా సగం చెప్పాలని ఆమె ఎత్తు. రెండు రోజుల తర్వాత అదే స్థాయి ప్రశ్నలు పది, కాగితం మీద ఇచ్చాను. వెనక బెంచీ మీద కూర్చోమన్నాను, పేరు రాయొద్దన్నాను, దిద్దనని, సమయం చూడనని చెప్పాను. ఏడు సరిగ్గా చేసింది. తప్పిన మూడూ భిన్నాలే.

అంటే సమస్యలు రెండు. ఎవరైనా చూస్తుంటే ఉన్న తెలివి కూడా చేతికి అందకపోవడం ఒకటి. భిన్నాల్లో నిజంగానే పునాది లేకపోవడం రెండోది. వెనక బెంచీ నుంచి బోర్డు చదివించి చూపు బాగానే ఉందని నిర్ధారించుకున్నాను. ఒంటరిగా కూర్చున్నప్పుడు సంఖ్యారేఖ మీద సంఖ్యలు గుర్తించడం, ఏది పెద్దదో ఏది చిన్నదో చెప్పడం తడబడకుండా చేసింది. అక్కడ కూడా తడబడి ఉంటే ప్రత్యేక అవసరాల ఉపాధ్యాయుల దగ్గరికి పంపేవాణ్ణి.

చూస్తుంటే చేయలేకపోవడానికి కారణం ఊహించలేనిది కాదు. 2001లో ఆష్‌క్రాఫ్ట్, కర్క్ అనే ఇద్దరు పరిశోధకులు, లెక్కల ఆందోళన ఎక్కువగా ఉన్నవారికి లెక్క చేసే సమయంలో తాత్కాలిక జ్ఞాపకం తగ్గిపోతుందని చూపించారు. ఒక స్థానం నుంచి పక్క స్థానానికి అంకె మోసుకుపోవలసిన కూడికల్లో ఆ తేడా బాగా బయటపడింది. మధ్యలో వచ్చిన అంకెను పట్టుకొని ఉంచవలసిన చోటును "తప్పైతే ఏమవుతుంది" అన్న ఆలోచన ఆక్రమిస్తుంది. సరళ "యాభై" దాకా వచ్చి ఆగింది అక్కడే.

మొదట చేసినవి, అవి చెడిన తీరు

ఇంత తెలిసీ నేను మొదట చేసినవన్నీ అలవాటు కొద్దీ చేసినవే.

"భయపడకమ్మా, ఇది చాలా తేలిక" అని ధైర్యం చెప్పాను. ఇది దయగా అనిపించే మాట. కానీ పిల్ల వైపు నుంచి విని చూడండి: తేలికైనదే నాకు రావడం లేదంటే నేనెంత మొద్దును? కష్టమైన లెక్క అని చెప్పి ఉంటే తప్పినా పరువు దక్కేది. ఆ మాట అన్న ప్రతిసారీ ఆమె మరింత ముడుచుకుపోయింది.

బడి అయ్యాక పది నిమిషాలు ఎక్కాలు, స్టాప్‌వాచ్ పెట్టి. రెండు వారాల్లో ఆరు, ఏడు ఎక్కాల వేగం పెరిగింది. నేను సంతోషించాను. తరగతిలో మాత్రం ఏ పని ఇచ్చినా "ఎంతసేపట్లో చేయాలి సార్?" అని అడగడం మొదలుపెట్టింది. ఎక్కాలతో పాటు గడియారాన్ని కూడా నేర్పాను.

మూడోది, ఆమెకు ఒక్కదానికే తేలిక లెక్కల కాగితం. మూడో రోజున పక్కనున్న అమ్మాయి చూసి "నీకు ఐదో తరగతి లెక్కలు ఇచ్చారా?" అని అడిగింది. ఆ కాగితాలు అంతటితో ఆగిపోయాయి.

ఈ మూడింటిలోనూ నేను లెక్క పరిమాణాన్నే మార్చాను, తక్కువ లెక్కలో ఎక్కువ లెక్కలో ఇచ్చాను. ఆమె భయం లెక్కలో లేదు, జవాబు చెప్పాక వచ్చే రెండు మూడు క్షణాల్లో ఉంది. ఆ క్షణాల్లో నేనేం చేస్తున్నానో నాకే తెలియదు. అందుకని ఒక పీరియడంతా ఫోను జేబులో పెట్టుకొని నా గొంతు రికార్డు చేసుకున్నాను. (విన్నాక చెరిపేశాను. అది పిల్లలకూ నాకూ మంచిది.)

విన్నప్పుడు రెండు విషయాలు తేలాయి. ప్రశ్న అడిగాక నేను ఆగేది సుమారు ఒక్క సెకను. 1970లలో మేరీ బడ్ రోవ్ అమెరికా తరగతుల్లో కొలిచి చెప్పినదీ దాదాపు ఇంతే అని శిక్షణలో చదివాను, అది ఇతరుల గురించి అనుకున్నాను. రెండోది ఇంకా ఇబ్బందికరం. జవాబు సరైనదైతే "గుడ్, కూర్చో" అంటున్నాను. తప్పైతేనే "ఎలా వచ్చింది?" అంటున్నాను. ఆ పీరియడ్‌లో ఆ ప్రశ్న తొమ్మిది సార్లు అడిగాను, తొమ్మిదీ తప్పు జవాబులకే. పిల్లలు దీన్ని ఎప్పుడో పసిగట్టారు. "ఎలా వచ్చింది?" అంటే వాళ్లకు వినపడేది "తప్పు" అనే. ఆ మాట వినగానే సరళ చేయి రబ్బరు మీదికి వెళ్లేది. పరీక్ష కాగితం మీద 5/6 చెరిగిపోయింది కూడా నేను ఆమె బెంచీ పక్కన ఆగి ఏదో అడిగినప్పుడే కావచ్చు.

మాట్లాడుకునే పది నిమిషాలు

ఆగస్టు నుంచి వారంలో మూడు రోజులు పీరియడ్ మొదటి పది నిమిషాలు సంఖ్యల మీద సంభాషణకు కేటాయించాను. ఈ పద్ధతిని 1990ల మొదట్లో రూత్ పార్కర్, క్యాథీ రిచర్డ్‌సన్ అమెరికాలో రూపొందించారు. పెన్ను, కాగితం ఉండవు. బోర్డు మీద ఒక లెక్క రాసి ఆగాలి. జవాబు తట్టినవాళ్లు చేయి ఎత్తకుండా గుండె దగ్గర పిడికిలి పెట్టి బొటనవేలు చూపాలి. ఇంకో దారి తడితే ఇంకో వేలు. ముందు జవాబులన్నీ, తప్పూ ఒప్పూ తేడా లేకుండా, బోర్డు మీదికి ఎక్కించాలి. ఆ తర్వాతే ఎవరు ఎలా చేశారో వినాలి.

మొదటి వారం పూర్తిగా చెడింది. నేను 25×16తో మొదలుపెట్టాను. ట్యూషన్‌కు వెళ్లే ఐదుగురు గాలిలో వేలితో నిలువు గుణకారం వేసి అరిచేశారు. మిగతా 33 మంది వాళ్లను చూస్తూ కూర్చున్నారు. వేళ్ల సంకేతం ఎవరికీ గుర్తులేదు. తప్పు లెక్క ఎంపికలో ఉంది. ఒకే దారి తెలిసిన లెక్క ఇస్తే అది పోటీ అవుతుంది.

రెండో వారం చుక్కలకు దిగాను. ఒక అట్ట మీద ఏడు చుక్కలు, మూడు సెకన్లు చూపించి దాచేయడం. ఎన్ని అన్నది ముఖ్యం కాదు, ఎలా చూశారన్నదే ప్రశ్న. ఒకడికి మూడూ నాలుగుగా కనిపించాయి. ఒకమ్మాయికి రెండేసి రెండు జతలు, పక్కన మూడు. ఇంకొకడు "ఎనిమిది ఉండాల్సినవి, ఒక మూల ఖాళీ" అన్నాడు. ట్యూషన్ ఇక్కడ పనికిరాదు. ఎలా చూశావంటే చూసినట్టు చెప్పడమే, అందులో తప్పేముంది? తరగతి మొదటిసారి కాస్త సమంగా మాట్లాడింది.

సరళ వేలు పైకి వచ్చింది కానీ నోరు రాలేదు. ఆమెను పేరు పెట్టి అడగకూడదని ముందే నిర్ణయించుకున్నాను. అలాగని వదిలేస్తే మౌనమే స్థిరపడుతుంది. దానికి చేసిన మార్పు చిన్నది: ముందు పక్కవాళ్లతో ఒక నిమిషం మాట్లాడుకోవాలి, తర్వాత నేను అడిగేది పక్కవాళ్ల పద్ధతి. "నీ పక్కనున్న అమ్మాయి ఎలా చేసింది?" ఇక్కడ తప్పు దొరికినా అది చెప్పేవారిది కాదు, చేసినవారు ఎదురుగా లేచి సమాధానం చెప్పనక్కరలేదు. సరళ ఆ సంవత్సరం లెక్కల తరగతిలో చెప్పిన మొదటి పూర్తి వాక్యం తన స్నేహితురాలి పద్ధతి గురించే. మూడు వారాలు అలా ఇతరుల మాటలే చెప్పింది. నేను తొందరపెట్టలేదు.

సెప్టెంబరు చివర 18×5 ఇచ్చాను. పది ఐదులూ ఎనిమిది ఐదులూ అన్నవారున్నారు, ఇరవై ఐదుల్లోంచి రెండు ఐదులు తీసినవారున్నారు. నేను "ఇంకెవరైనా?" అని లోపల పది దాకా లెక్కపెట్టాను. సరళ కూర్చునే చెప్పింది: "రెండు పద్దెనిమిదులు ముప్పై ఆరు, నాలుగు డెబ్బై రెండు, ఇంకొకటి కలిపితే తొంభై." ఎవరూ చెప్పని దారి. నేను "గుడ్" అనలేదు. అందరికీ రాసినట్టే బోర్డు మీద రాసి, "72 దాకా ఎలా వెళ్లావు?" అని అడిగాను. చేయి రబ్బరు వైపు వెళ్లలేదు, ముప్పై ఆరును రెట్టింపు చేశానని చెప్పింది. అప్పటికి నేను ఒప్పు జవాబులకు కూడా ఆ ప్రశ్న అడగడం మొదలుపెట్టి ఆరు వారాలు దాటింది. ఆ ప్రశ్నకున్న పాత అర్థం చెరగడానికి అంత కాలం పట్టింది.

పలకలు

మార్కులు లేని పనులకు పలకలు తెచ్చాను. ఏడో తరగతి పిల్లలు పలక చూసి నవ్వారు, ఒకటో తరగతి వస్తువని. నేను కూడా ఒక పలక పట్టుకొని వాళ్లతో పాటు రాసి, అప్పుడప్పుడు తప్పు రాసి చూపించాక నవ్వు ఆగింది. పలక మీద ఉన్నది తుడిస్తే పోతుంది, ఎవరూ దిద్దరు, ఇంటికి వెళ్లదు. ఆ భరోసాతో సరళ బోర్డు కోసం ఎదురుచూడకుండా మొదటి గీత గీసింది. అయితే పలకతోనే ఉండిపోతే తప్పు కూడా తుడిచిపెట్టుకుపోతుంది, దాని నుంచి నేర్చుకునేది మిగలదు. దసరా సెలవుల తర్వాత నోట్‌బుక్‌లో రబ్బరు వద్దని, తప్పనిపిస్తే ఒక్క గీత కొట్టి పక్కన రాయమని అందరికీ చెప్పాను.

తప్పుతో ఒక పీరియడ్

ఇక్కడ నా వల్ల పెద్ద పొరపాటు జరిగింది. తప్పుల మీద చర్చ పెట్టాలని ఒకరోజు పిల్లల చీటీలలోంచి ఒకటి తీసి బోర్డుకు అంటించాను. పేరు లేదు కదా అనుకున్నాను. ముత్యాల్లాంటి ఆ అక్షరాలు ఎవరివో తరగతికంతా తెలుసు. సరళ మర్నాడు బడికి రాలేదు. అప్పటి నుంచి తప్పులను నా చేతిరాతతో తిరగరాసి, కనీసం ఐదారుగురు చేసిన తప్పునే తీసుకుంటున్నాను. తప్పు చెప్పినవారికి చప్పట్లు కొట్టించడం కూడా ఒక వారం చూశాను. పిల్లలకు అది వెటకారంలా వినిపించింది, మానేశాను. 7×8ని 54 అంటే అది చర్చకు పనికిరాదు, సరిచేసి ముందుకు వెళ్లాలి. వెనక ఒక ఆలోచన దాగి ఉన్న తప్పే పీరియడ్‌కు తగినది.

అలాంటిది నవంబరులో దొరికింది. 1/2 + 1/3 ఎంతో చీటీ మీద రాయమంటే 14 మంది 2/5 రాశారు. బోర్డు మీద 5/6, 2/6, 2/5 మూడూ రాశాను, ఏది ఒప్పో చెప్పలేదు. "2/5 రాసినవాళ్లు ఏదో ఆలోచించే రాశారు. ఏమనుకొని ఉంటారు?" పైవి పైవి, కిందివి కిందివి కలిపారని ఒకడు చెప్పాడు. "మళ్లీ కలిపి చూడకుండా, ఇది అయ్యే జవాబో కాదో చెప్పగలమా?" అన్నాను. జతలుగా మాట్లాడుకోమన్నాను.

సరళ పక్కనున్న అమ్మాయి లేచి, "సగానికి ఇంకొంత కలిపితే సగం కంటే తగ్గింది అంటోంది సార్" అని సరళ మాట చేరవేసింది. సగం కంటే తక్కువని ఎలా తెలిసిందని సరళను అడిగాను. నా కనుబొమ్మల వైపు ఒకసారి చూసింది. తర్వాత, "ఐదులో సగం రెండున్నర. రెండు అంతకంటే తక్కువ. కలిపితే తగ్గదు కదా సార్" అంది.

30 సెంటీమీటర్ల కాగితపు పట్టీలు పంచాను. సగం 15, మూడో వంతు 10, కలిపితే 25. 2/5 అయితే 12 దగ్గరే ఆగిపోతుంది. మొదటి సగం కూడా పూర్తికాలేదు. 25ను 30తో పోల్చి 5/6 దాకా పిల్లలే వెళ్లారు. క.సా.గు. పేరు ఆ రోజు ఎత్తలేదు.

అక్కడితో ఆపవచ్చు. కానీ 2/5 రాసినవారికి ఆ జవాబు ఊరికే కొట్టేయడమే మిగులుతుంది. అందుకని ఇంకో ప్రశ్న: "2/5 ఒప్పయ్యే చోటు ఎక్కడైనా ఉందా?" చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. చివరికి నేనే సాయం చేశాను: నిన్న రెండు ప్రశ్నలడిగితే ఒకటి ఒప్పు, నేడు మూడడిగితే ఒకటి ఒప్పు. మొత్తం ఐదింట రెండు. "మరి అదీ కూడికే కదా సార్?" అని ఒక కుర్రాడు వాదించాడు. మంచి వాదన. పట్టీలో రెండు ముక్కలూ ఒకే 30 సెంటీమీటర్లలోవి. ప్రశ్నల్లో నిన్నటి మొత్తం వేరు, నేటి మొత్తం వేరు. ఇది అందరికీ ఎక్కిందని చెప్పను, గంట కొట్టేసరికి ఇంకా వాదించుకుంటున్నారు. కానీ ఆ తప్పు మరో ప్రశ్నకు సరైన జవాబని చూశాక, రాసినవాళ్లు తలదించుకోవలసిన అవసరం లేకపోయింది. వరండాలో సరళ వెనకాలే వచ్చి, నేను అడగకుండానే, "2/5 రాసినవాళ్లలో నేనూ ఉన్నాను సార్" అంది.

ఇల్లు, పరీక్షలు

వాళ్ల అమ్మగారు ఒకసారి వచ్చి, "నాకూ లెక్కలు రావు సార్, మా ఇంట్లో ఎవరికీ అబ్బలేదు" అన్నారు. ఆ మాట పిల్ల ముందు అనవద్దని, అన్నం తినేటప్పుడు ఎక్కాలు అడగవద్దని కోరాను. అంతకుమించి అడగలేదు.

పరీక్షల్లో నా చేతిలో ఉన్నది కొంచెమే. కాగితాలు ఇచ్చిన రోజు మార్కులు వేయడం మానేశాను. తప్పిన అడుగు కింద గీత మాత్రం ఉంటుంది. పిల్లలు ఆ రాత్రి సరిచేసుకొని తెస్తారు, మార్కులు మర్నాడు. ముందే అంకె కనిపిస్తే కాగితాన్ని మడిచి సంచిలో పెట్టేసేవారు, కింద గీతలు ఎవరూ చూసేవారు కాదు.

ఎంతవరకు వచ్చింది

మార్చికి 20 మార్కుల పరీక్షలో సరళకు 11. ఖాళీగా వదిలిన ప్రశ్న ఒక్కటే. ఎక్కాల రోజులకు కూడా బడికి వచ్చింది. సమయం తక్కువగా ఉన్న పరీక్ష అంటే ఇప్పటికీ చేతులు చల్లబడతాయని తానే చెబుతుంది. భిన్నాల భాగహారం ఇంకా రాదు. భయం తగ్గితే లెక్క తనంతట తాను రాదు, దానికి వేరే పీరియడ్లు కావాలి, అవి నాకు చాలలేదు. అదే తరగతిలో ఇంకొక అబ్బాయి మీద ఇవేవీ పనిచేయలేదు. అతనిది భయం కాదు, రెండో తరగతి నుంచీ పేరుకుపోయిన లోటు. జతల్లో మాట్లాడటం అతనికి దాక్కోవడానికి ఇంకో చోటుగా మారిందని నేను ఆలస్యంగా గ్రహించాను. సరళకు చేసిన పది ప్రశ్నల పోలికను అతనికి జూలైలోనే చేసి ఉండవలసింది.

ఈసారి మొదలుపెడితే ఫోను రికార్డింగును జూన్‌లోనే చేస్తాను, స్టాప్‌వాచ్ జోలికి పోను.

సరళ నోట్‌బుక్ ఇప్పుడు అందంగా లేదు. పేజీకి నాలుగైదు కొట్టివేతలు, వాటి పక్కన మళ్లీ ప్రయత్నాలు. ఫిబ్రవరిలో నోట్‌బుక్‌లు తనిఖీ చేసిన అధికారి దాని మీద "శుభ్రత లోపించింది" అని రాశారు. సరళ ఆ పేజీ తీసుకొచ్చి "మళ్లీ రబ్బరు వాడాలా సార్?" అని అడిగింది. ఆ ఎర్ర అక్షరాల కిందే "ఈ కొట్టివేతలు నేను ఉంచమన్నవి" అని రాసి సంతకం చేసి ఇచ్చాను.